ఇన్‌ఫ్లుయెన్సర్‌కి డబ్బు కట్టే ముందు వేయాల్సిన లెక్క

(విశాఖపట్నంలో చిన్న వ్యాపారుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం అండి. ఇక్కడికి వచ్చినవాళ్ళలో ఎక్కువమంది ఇంటి దగ్గర నుంచో, చిన్న షాపు నుంచో అమ్ముకునేవాళ్ళని చెప్పారు. పచ్చళ్ళు ఉన్నాయి, చీరలు ఉన్నాయి, ఏటికొప్పాక బొమ్మలు ఉన్నాయి, అరకు కాఫీ పొడి ఉంది. అందరికీ ఇన్‌స్టాగ్రామ్ పేజీ ఉంది. టీ తాగేటప్పుడు నన్ను అడిగినవాళ్ళందరి ప్రశ్నా దాదాపు ఒక్కటే. ఎవరితో రీల్ చేయించుకోవాలి, ఎంత ఇవ్వాలి, వాళ్ళ ఫాలోవర్లు నిజమైనవాళ్ళో కాదో ఎలా తెలుస్తుంది అని.

దీనికి పది చిట్కాలు చెప్పి వదిలేస్తే మీకు ఉపయోగం ఉండదు. అందుకని ఒకే ఒక్క వ్యాపారాన్ని పట్టుకుని మొదటి నుంచి చివరిదాకా లెక్క వేసి చూపిస్తాను. ఎవరి పేర్లూ చెప్పను. అంకెలు కూడా లెక్క సులువుగా అర్థం కావడానికి గుండ్రం చేశాను. మీ అంకెలు వేరుగా ఉంటాయి, కానీ లెక్క వేసే పద్ధతి ఇదే.

ఎంవీపీ కాలనీలో ఒకావిడ రాగి, జొన్న, నువ్వులతో లడ్డూలు చేసి అమ్ముతారు. బాక్సు 450 రూపాయలు. సరుకు, ప్యాకింగ్, డెలివరీ ఖర్చులన్నీ పోగా బాక్సుకి 160 రూపాయలు మిగులుతుంది. గాజువాక నుంచి మధురవాడ దాకా మాత్రమే డెలివరీ ఇస్తారు. ఆవిడ, సాయానికి ఇంకో మనిషి కలిసి రోజుకి 15 బాక్సుల కంటే ఎక్కువ చేయలేరు. ప్రచారానికి పక్కన పెట్టుకున్నది 30 వేలు.

ఈ మూడు సంగతులూ, అంటే బాక్సుకి మిగిలేది, డెలివరీ ఇచ్చే హద్దు, రోజుకి చేయగలిగినన్ని బాక్సులు, ఇవి ముందు కాగితం మీద రాసుకోమంటాను. ఇన్‌ఫ్లుయెన్సర్ పేజీ తెరవకముందే రాసుకోవాలి. ఎందుకంటే పేజీ తెరిచాక పెద్ద అంకె కళ్ళ ముందుకొస్తుంది, ఇవన్నీ వెనక్కి పోతాయి.

ఆవిడ ముందు ముగ్గురున్నారు. మొదటిది మన ఊరి ఫుడ్ పేజీ. 2 లక్షల 40 వేల ఫాలోవర్లు, ఒక రీల్‌కి 25 వేలు అడిగారు. రెండోది ఫ్యాషన్, లైఫ్‌స్టైల్ పేజీ. 68 వేల ఫాలోవర్లు, రీల్‌కి 12 వేలు. మూడో ఆవిడ పిల్లల టిఫిన్ బాక్సు వంటలు తెలుగులో చూపిస్తారు. ఫాలోవర్లు 11,400 మంది. నాలుగు వేలు, దాంతోపాటు రెండు బాక్సులు ఇమ్మన్నారు.

ఇంట్లో అందరూ మొదటి పేజీకే ఓటేశారు. వైజాగ్‌లో ఆ పేజీ తెలియనివాళ్ళు లేరు, బీచ్ రోడ్డులో ఏ కొత్త హోటల్ పెట్టినా అందులో రీల్ వస్తుంది. అయితే ముందుగా ఒక చిన్న భాగహారం చేయాలి. 25 వేలని 160తో భాగిస్తే 156 పైచిలుకు వస్తుంది. అంటే 157 బాక్సులు అమ్మితేనే ఆ రీల్ ఖర్చు తిరిగి వస్తుంది, లాభం అప్పటికింకా మొదలవదు. రోజుకి 15 బాక్సులు చేసే వంటింట్లో 157 బాక్సులంటే పది రోజులు దాటుతుంది. రీల్ చూసి ఇవాళ ఆర్డర్ పెట్టినవాళ్ళకి పది రోజులు ఆగమంటే ఎంతమంది ఆగుతారు? ఆ పేజీ మంచిదా, నిజమైనదా అన్న ప్రశ్నకి మనం ఇంకా రానే లేదు. అది ఈ వంటింటికి సరిపోదని అంకే చెప్పేసింది. రెండో పేజీకి 75 బాక్సులు అమ్మాలి. మూడో ఆవిడకి 25 చాలు, ఆవిడకిచ్చే రెండు బాక్సుల సరుకు ఖర్చు కలిపితే 29.

సరే, ఇప్పుడు పేజీల్లోకి వెళ్దాం. ఫాలోవర్ల సంఖ్యని పక్కన పెట్టండి. అది ఎప్పుడో ఒకప్పుడు బటన్ నొక్కినవాళ్ళ సంఖ్య. వాళ్ళలో ఎంతమంది ఇవాళ ఆ రీల్ చూస్తారన్నది ఇన్‌స్టాగ్రామ్ నిర్ణయిస్తుంది. చూడాల్సింది వ్యూస్. అవి కూడా ఒకే రీల్‌వి కాదు, ఈమధ్య పెట్టిన పన్నెండు రీల్స్‌వి. పైన పిన్ చేసినవి లెక్కలోకి తీసుకోకండి, వాళ్ళకి బాగా ఆడినవే అక్కడ పిన్ చేస్తారు. వారం కూడా నిండని రీల్స్‌ని కూడా వదిలేయండి, వాటి వ్యూస్ ఇంకా పెరుగుతూ ఉంటాయి.

ఫుడ్ పేజీలో ఆ పన్నెండూ రాస్తే, వేలల్లో, ఇలా ఉన్నాయి: 16, 18, 19, 21, 22, 24, 26, 27, 29, 31, 38, ఆఖరిది 410. సగటు తీస్తే దాదాపు 57 వేలు. వాళ్ళు పంపిన ప్యాకేజీ కాగితంలో కూడా రాసింది ఈ సగటే. కానీ ఆ పన్నెండింటిలో 57 వేలకి దగ్గరగా వచ్చిన రీల్ ఒక్కటీ లేదు. ఆ 4 లక్షల 10 వేలు తుఫాను రోజు ఆర్కే బీచ్‌లో అలలు తీసిన వీడియోకి వచ్చాయి. మన లడ్డూల రీల్‌కి తుఫాను రాదు కదా. అందుకని సగటు వద్దు, నడిమి అంకె తీసుకోండి. చిన్నదాని నుంచి పెద్దదాకా వరుసగా రాసి, ఆరోదీ ఏడోదీ చూడండి. 24 వేలు, 26 వేలు. నడిమిది 25 వేలు. ఈ పేజీ రీల్ పెడితే మామూలుగా వచ్చేది అంత.

అక్కడితో ఆగకండి. డబ్బు తీసుకుని పెట్టిన రీల్స్‌ని విడిగా తీసి ఇదే పని చేయండి. వాటి మీద పెయిడ్ పార్ట్‌నర్‌షిప్ అనో, యాడ్ అనో ఉంటుంది, ఉండాలి కూడా. ఈ పేజీలో అలాంటివాటి నడిమి అంకె 12 వేలు. మిగతా రీల్స్‌లో సగం కూడా లేదు. అది వాళ్ళ తప్పు అనలేను, ప్రకటనని జనం తొందరగా దాటేస్తారు, దాదాపు ప్రతి పేజీలోనూ ఈ తేడా ఎంతో కొంత ఉంటుంది. కానీ మీరు కొంటున్నది ప్రకటన రీల్, కాబట్టి మీ లెక్కకి 12 వేలే పునాది.

ఆ 12 వేల వ్యూస్ ఏ ఊరివి? దీనికి వాళ్ళ ఇన్‌సైట్స్ చూడాలి. బయటివాళ్ళకి కనిపించదు, వాళ్ళే చూపించాలి. ఫాలోవర్లు ఏ నగరాల్లో ఉన్నారు, వయసులు ఏంటి, ఆడవాళ్ళెంత మగవాళ్ళెంత అన్నది అక్కడ శాతాల్లో ఉంటుంది. ఫుడ్ పేజీలో హైదరాబాద్ మొదట ఉంది, మన విశాఖ 20 శాతం. ఆశ్చర్యపోనక్కర్లేదు. రుషికొండ, భీమిలి రోడ్డు, అరకు ఘాట్ వీడియోలు చూసి ఫాలో అయినవాళ్ళలో సెలవులకి ఇక్కడికి రావాలనుకునే బయటి ఊరివాళ్ళు చాలామంది ఉంటారు. ఒక హోటల్‌కో, రిసార్టుకో ఆ పేజీ బంగారం. గాజువాక దాటి డెలివరీ ఇవ్వని లడ్డూలకి మాత్రం 12 వేలలో 20 శాతం, అంటే 2,400 వ్యూసే పనికొస్తాయి. 25 వేలని 2,400తో భాగిస్తే మన ఊళ్ళో ఒక వ్యూకి పది రూపాయల పైనే పడుతోంది.

టిఫిన్ బాక్సు ఆవిడ దగ్గరికి వద్దాం. నడిమి అంకె 9 వేలు. ప్రకటన రీల్స్ ఇంతవరకు రెండే చేశారు, వాటికీ 7 వేలు, 8 వేలు వచ్చాయి, పెద్దగా తగ్గలేదు. ఫాలోవర్లలో విశాఖ 46 శాతం. శివారు ఊళ్ళు జాబితాలో విడిగా కనిపిస్తే వాటినీ కలుపుకోవాలి. తక్కువలో తక్కువ 7 వేలే తీసుకున్నా మన ఊరివి 3,200 దాకా వస్తాయి. నాలుగు వేలకి అన్ని. వ్యూకి రూపాయిన్నర లోపే. పైగా ఫాలోవర్లలో నాలుగింట మూడొంతులు ఆడవాళ్ళు, ఎక్కువగా 25 నుంచి 34 ఏళ్ళవాళ్ళు. చిన్న పిల్లల తల్లులు. లడ్డూలు కొనేది వాళ్ళే.

ఈ లెక్కలో రెండు లోపాలున్నాయి, అవి కూడా తెలిసి ఉండాలి. ఆ నగరాల శాతం ఫాలోవర్లది, రీల్ చూసినవాళ్ళది కాదు. రీల్స్‌ని ఫాలో కానివాళ్ళు కూడా చూస్తారు, రీల్ బాగా పాకిందంటే బయటి ఊళ్ళవాళ్ళే ఎక్కువైపోవచ్చు. అందుకని ప్రతి రీల్ ఇన్‌సైట్స్‌లో ఫాలోవర్లెంత, కానివాళ్ళెంత అన్నదీ అడగండి. రెండోది, వ్యూ అంటే మనిషి కాదు. ఒకే మనిషి మూడుసార్లు చూస్తే మూడు వ్యూస్ పడతాయి. మనుషుల సంఖ్య కావాలంటే రీచ్ అడగాలి. వంటల రీల్స్‌ని కొలతల కోసం మళ్ళీ మళ్ళీ చూస్తారు కాబట్టి ఆవిడకి ఈ తేడా ఎక్కువే ఉంటుంది. అయినా ఇద్దరి మధ్య పది రూపాయలకీ రూపాయిన్నరకీ ఉన్న తేడాని ఈ లోపాలు తారుమారు చేయలేవు.

ఇంకా రెండో పేజీ ఉంది. 68 వేల ఫాలోవర్లు, 12 వేల రూపాయలు. పైపైన చూస్తే ముగ్గురిలో అన్నిటికంటే మెరుగ్గా కనిపించేది ఇదే. ప్రతి రీల్‌కీ 60 వేల వ్యూస్, నాలుగు వేల లైకులు. నకిలీ గురించి అసలు మాట్లాడాల్సింది ఇక్కడే.

నన్ను మొదట ఆపింది ఆ అంకెల నిలకడ. 58 వేలు, 61, 60, 59, 62. లైకులు 3,900 నుంచి 4,100 మధ్యలో. నిజమైన పేజీ ఏదైనా తీసుకోండి, ఒక రీల్ ఆడుతుంది, ఇంకోటి పడుకుంటుంది. టిఫిన్ బాక్సు ఆవిడవే చూస్తే నాలుగు వేల నుంచి ముప్ఫై వేల దాకా ఎగుడుదిగుడుగా ఉన్నాయి. మనుషులు చూసే తీరు అలా ఉంటుంది. ప్యాకెట్ల లెక్కన కొన్న వ్యూస్ ప్యాకెట్ సైజుకి సరిగ్గా వస్తాయి.

తర్వాత షేర్లు చూశాను. రీల్ పక్కనే కాగితం విమానం గుర్తు కింద ఆ సంఖ్య మామూలుగా అందరికీ కనిపిస్తుంది. 60 వేల వ్యూస్ ఉన్న రీల్‌కి షేర్లు ఆరో ఏడో. అవతల టిఫిన్ బాక్సు ఆవిడ రీల్‌కి 9 వేల వ్యూస్‌లోనే వందకి పైగా షేర్లు. అయితే ఫ్యాషన్ రీల్‌నీ వంట రీల్‌నీ నేరుగా పోల్చడం న్యాయం కాదు. వంట వీడియోని చెల్లెలికి, స్నేహితురాలికి పంపుకోవడం మామూలే, చీర కట్టు రీల్‌ని అంతగా పంపుకోరు. కాబట్టి అదే అంశం మీద, అంతే సైజు పేజీలు ఇంకో నాలుగు తెరిచి వాటితో పోల్చాలి. పోల్చితే వాటిలో అరవై, డెబ్బై, నూట ముప్ఫై ఉన్నాయి. ఆరు ఎక్కడా లేదు. ఇన్‌స్టాగ్రామ్ అధిపతి ఆడమ్ మొస్సేరి 2025 జనవరిలో తమ ర్యాంకింగ్‌లో ముఖ్యమైనవిగా చెప్పింది మూడు: ఎంతసేపు చూశారు, ఎంతమంది లైక్ చేశారు, ఎంతమంది ఇంకొకరికి పంపారు. ఫాలో కానివాళ్ళకి రీల్ చేరడంలో ఆ పంపడానికి విలువ ఎక్కువని కూడా చెప్పారు. ఎవరూ ఎవరికీ పంపని రీల్ వారం వారం 60 వేల దాకా ఎలా వెళ్తోందన్నది అడగాల్సిన ప్రశ్న.

కామెంట్లు చదవండి, లెక్కపెట్టకండి. ఆ పేజీలో ముప్ఫై, నలభై కామెంట్లు ఉన్నాయి. నిప్పు బొమ్మలు, గుండె బొమ్మలు, సూపర్ సిస్, నైస్, వావ్. మూడు రీల్స్ తెరిచి కామెంట్ పెట్టినవాళ్ళ పేర్లు కాగితం మీద రాస్తే మూడింట్లోనూ అదే ఇరవైమంది. వాళ్ళ పేజీలు తెరిస్తే వాళ్ళూ ఇన్‌ఫ్లుయెన్సర్లే. గ్రూపు పెట్టుకుని ఒకరి రీల్ కింద ఒకరు కామెంట్ పెట్టుకుంటారు, దీన్ని పాడ్ అంటారు. వాళ్ళు నకిలీ మనుషులు కారు, కానీ మీ కొనుగోలుదార్లూ కారు. అవతల టిఫిన్ బాక్సు ఆవిడ రీల్ కింద ఎలాంటివి ఉన్నాయో చూడండి. మా బాబుకి నాలుగేళ్ళు అక్కా, బెల్లం బదులు ఖర్జూరం వేయొచ్చా అని ఒకరు అడిగారు. నాకు పాకం గట్టిపడిపోయింది, ఎక్కడ పొరపాటు జరిగింది అని ఇంకొకరు. ఆవిడ ఇద్దరికీ జవాబిచ్చారు. రీల్ చూసి వంట చేసినవాళ్ళే ఆ ప్రశ్న అడగగలరు. అలాంటి పది కామెంట్లు ఉంటే నేను వెయ్యి గుండె బొమ్మలు వదిలేసుకుంటాను.

ఫాలోవర్లు పెరిగిన తీరు కూడా బయటి నుంచి చూడొచ్చు. సోషల్ బ్లేడ్ లాంటి సైట్లలో పేజీ పేరు కొడితే రోజువారీ హెచ్చుతగ్గులు వస్తాయి. ఏదో ఒక మంగళవారం ఒక్కసారిగా ఐదు వేలు పెరిగి, ఆ తర్వాత రోజూ ముప్ఫై, నలభై చొప్పున రాలిపోతూ, మళ్ళీ ఇంకో రోజు ఐదు వేలు పెరిగితే, మధ్యలో వైరల్ అయిన రీల్ ఏదీ కనిపించకపోతే, అవి కొన్నవే అనుకోవచ్చు. కొన్న ఖాతాల్ని ఇన్‌స్టాగ్రామ్ ఏరేస్తూ ఉంటుంది, అందుకే ఆ రాలడం. అయితే ఆ రోజుల్లో గివ్‌అవే ఏమైనా పెట్టారా అన్నది ముందు చూడండి. ఫోన్ గెలుచుకోండి, ఈ పది పేజీలు ఫాలో అవండి అన్నప్పుడు కూడా ఇలాగే మెట్టులా పెరిగి జారుతుంది. అప్పుడు వచ్చేది నిజమైన మనుషులే, ఫోన్ కోసం వచ్చినవాళ్ళు.

కొంతమంది ఫాలోవర్ల జాబితా తెరిచి ఒక్కొక్కళ్ళనీ పరీక్షిస్తారు. చేయండి, కానీ ఒక జాగ్రత్త ఉంది. ఫొటో లేదు, ప్రైవేట్ ఖాతా, పోస్టులు లేవు కాబట్టి నకిలీ అనేయకండి. మన వైపు ఎంతమంది ఆడవాళ్ళు ప్రొఫైల్‌లో అమ్మవారి బొమ్మో, మందార పువ్వో పెట్టుకుని, తాళం వేసుకుని, ఒక్క పోస్టూ పెట్టకుండా రోజూ రీల్స్ చూస్తారో మీకు తెలుసు. మీ ఇంట్లోనే ఉంటారు. వాళ్ళే అసలైన కొనుగోలుదార్లు. అనుమానించాల్సింది వేరే కలయికని. అక్షరాలూ అంకెలూ అడ్డదిడ్డంగా కలిసిన పేరు, ఫాలో అవుతున్నవాళ్ళు ఆరేడు వేలు, ఫాలోవర్లు పాతిక మంది. ఇన్‌స్టాగ్రామ్‌లో ఒక ఖాతా 7,500 మందిని మించి ఫాలో కాలేదు. అమ్మకానికి పెట్టిన ఖాతాలు ఆ హద్దుకి దగ్గరగా నిండిపోయి ఉంటాయి. మామూలు మనిషి ఏడు వేల మందిని ఫాలో అవడు. ఫాలోవర్ల జాబితా మనకి పూర్తిగా కనిపించకపోవచ్చు, అందుకని తాజా రీల్‌కి లైక్ కొట్టినవాళ్ళలోంచి యాభై మందిని తెరిచి చూస్తే మేలు. అలాంటివాళ్ళు ఇద్దరు ముగ్గురు తగిలితే వదిలేయండి, ఎవరి పేజీకైనా కొన్ని పనికిరాని ఖాతాలు వాటంతటవే వచ్చి చేరతాయి. యాభైలో ఇరవై అలా ఉంటే అక్కడితో ఆపేయొచ్చు.

ఇన్ని చూశాక ఆ ఫ్యాషన్ పేజీవాళ్ళని ఇన్‌సైట్స్ అడిగాం. స్క్రీన్‌షాట్ పంపారు. స్క్రీన్‌షాట్‌లో అంకెలు మార్చడం రెండు నిమిషాల పని. అందుకని ఎవరినైనా సరే స్క్రీన్ రికార్డింగ్ అడగండి, లేదా వీడియో కాల్‌లో ఫోన్ స్క్రీన్ చూపించమనండి. పేజీ పేరు కనిపించేలా ప్రొఫైల్ నుంచి మొదలుపెట్టి, ఇన్‌సైట్స్‌లోకి వెళ్ళి, గడువు 30 రోజులు పెట్టి, నగరాలు, వయసులు, ఆడ మగ, ఆ తర్వాత చివరి రెండు ప్రకటన రీల్స్ లోపలి అంకెలు. రెండు నిమిషాల వీడియో. టిఫిన్ బాక్సు ఆవిడ అదే సాయంత్రం పంపారు. ఈ పేజీవాళ్ళు కొన్నాళ్ళు గడిపి పంపారు, అందులో మొదటి ఐదు నగరాల్లో తెలుగు రాష్ట్రాల ఊరు ఒక్కటీ లేదు. తెలుగులో మాట్లాడే పేజీ.

అలాంటప్పుడు మీరు చేయాల్సింది మర్యాదగా, ఈసారికి కుదరదండి అని చెప్పడం. మీవి నకిలీ ఫాలోవర్లు అని మొహం మీద అనకండి, అందరికీ కనిపించేలా పోస్టు పెట్టకండి. మనం చూసినవన్నీ గుర్తులు, రుజువులు కావు. పాత మేనేజరో, ఏజెన్సీయో వాళ్ళకి తెలియకుండా కొని ఉండొచ్చు. మీకు కావాల్సింది తీర్పు చెప్పడం కాదు, మీ 12 వేలు మీ దగ్గర ఉండటం.

ఇంకో పరీక్ష ఉంది. వాళ్ళతో ఇంతకుముందు రీల్ చేయించుకున్న ఇద్దరు వ్యాపారులకి ఫోన్ చేసి, మళ్ళీ చేయించుకున్నారా అని ఒక్క మాట అడగండి. బాగా వచ్చిందా అని అడిగితే మొహమాటానికి బాగానే వచ్చిందండీ అంటారు. మళ్ళీ చేయించుకున్నారా అంటే అవుననో కాదనో చెప్పాల్సిందే. నేను చూసినంతలో ఏ అంకె కంటే కూడా ఈ జవాబే ఎక్కువ సంగతి చెబుతుంది.

ఇప్పుడు ఒప్పందం. టిఫిన్ బాక్సు ఆవిడతో ఒక రీల్, దానికి తోడు రెండు స్టోరీలు మాట్లాడుకున్నాం. స్టోరీలు ఎందుకంటే, రీల్ కింద రాసిన లింకు నొక్కితే తెరుచుకోదు. స్టోరీలో లింక్ స్టిక్కర్ పెడితే తెరుచుకుంటుంది. ఆ లింకు మన వాట్సాప్‌కి, అది కూడా ఈ ఆవిడ ద్వారా వచ్చినవాళ్ళు విడిగా తెలిసేలా ఇలా తయారుచేసుకోవచ్చు.

```
https://wa.me/91XXXXXXXXXX?text=LADDU-TIFFIN
```

ఆ ఎక్స్‌ల చోట మీ పది అంకెల నంబరు పెట్టండి. నొక్కినవాళ్ళ వాట్సాప్‌లో ఆ మాట ముందే రాసి ఉంటుంది, పంపు బటన్ నొక్కితే చాలు. ఇంకో ఇన్‌ఫ్లుయెన్సర్‌కి ఆ చివరి మాట మార్చండి. అయినా అందరూ లింకు ద్వారా రారు, రీల్ చూసి పేజీ వెతుక్కుని వస్తారు. అందుకని పదిహేను రోజులపాటు ఆర్డర్ పెట్టిన ప్రతి ఒక్కరినీ, మా గురించి ఎక్కడ చూశారండీ అని అడిగి నోటు పుస్తకంలో రాసుకోవాలి. అంతకుముందు పదిహేను రోజుల్లో మామూలుగా వచ్చిన ఆర్డర్లు ఎన్నో కూడా పక్కన రాసుకోవాలి, లేకపోతే ఎలాగూ వచ్చే ఆర్డర్లని రీల్ ఖాతాలో వేసేస్తాం.

పెయిడ్ పార్ట్‌నర్‌షిప్ లేబుల్ పెట్టి మన పేజీని ట్యాగ్ చేయమని ఒప్పందంలోనే రాయండి. అలా చేస్తే ఆ రీల్ అంకెలు మన వైపు కూడా కనిపిస్తాయి. ప్రకటన అని చెప్పడం ఎలాగూ తప్పనిసరి. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 జనవరిలో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం డబ్బు తీసుకున్నా, ఉచితంగా సరుకు తీసుకున్నా ఆ సంగతి చూసేవాళ్ళకి స్పష్టంగా చెప్పాలి, రీల్ ఏ భాషలో ఉంటే ఆ భాషలో చెప్పాలి. షుగర్ తగ్గుతుంది, ఎముకలు గట్టిపడతాయి లాంటి మాటలు రీల్‌లో అనిపించకండి. అన్నది ఆవిడైనా, ఆ మాటకి మీరూ జవాబుదారే.

సగం డబ్బు ముందు ఇచ్చి, సగం రీల్ పెట్టిన వారానికి ఇచ్చాం. ఏం వచ్చిందో చెబుతాను. వ్యూస్ 8,600, రీచ్ 6,700. లింకు నొక్కినవాళ్ళు 140 మంది. వాట్సాప్‌లో 61 మెసేజ్‌లు. మామూలుగా వచ్చేవి తీసేశాక పదిహేను రోజుల్లో 27 ఆర్డర్లు. 27ని 160తో గుణిస్తే 4,320. ఖర్చు నాలుగు వేలు, రెండు బాక్సులకి 580, మొత్తం 4,580. మొదటి విడతలో 260 రూపాయలు నష్టం.

ఇక్కడే చాలామంది ఇన్‌ఫ్లుయెన్సర్లు దండగ అని ఆపేస్తారు. తినే వస్తువు అమ్మేవాళ్ళు తర్వాతి నెల కూడా చూడాలి. ఆ 27 మందిలో తొమ్మిది మంది తర్వాతి నెల మళ్ళీ తెప్పించుకున్నారు. ఇంకో 1,440. అంటే నష్టం తీరి 1,180 మిగిలింది. పెద్ద మొత్తం కాదు, నేనూ గొప్ప విజయం అని చెప్పను. కానీ ఇప్పుడు ఆవిడకి తన అంకె తెలుసు: మన ఊరి తల్లులు చూసే నాలుగు వేల రీల్‌కి పాతిక పైచిలుకు ఆర్డర్లు, అందులో మూడో వంతు తిరిగొస్తారు. పైగా ఆ ఆర్డర్లు వంటిల్లు తట్టుకునేలా వచ్చాయి, ఎవరికీ ఆలస్యం కాలేదు. మిగిలిన పాతిక వేలలో ఐదు వేలు తీసి, ఆ ఆవిడ అనుమతితో అదే రీల్‌ని పార్ట్‌నర్‌షిప్ యాడ్‌గా, డెలివరీ ఇచ్చే చుట్టుపక్కల వరకే కనిపించేలా నడిపారు. ఈ అనుమతి కూడా మొదటి ఒప్పందంలోనే, ఎన్ని రోజులకో రాసి తీసుకోండి. తర్వాత అడిగితే మళ్ళీ డబ్బడుగుతారు, అడగడం వాళ్ళ హక్కు.

ప్రశ్నలకి సమయం ఉందన్నారు. అమ్మా, మీరు అడగండి.

(సభలో ఒక మహిళ: మాది చీరల వ్యాపారమండి, దేశమంతా కొరియర్ చేస్తాం. అప్పుడు ఈ విశాఖ శాతం లెక్క మాకు వర్తిస్తుందా?)

మంచి ప్రశ్న అడిగారమ్మా. మీకు ఊరు హద్దు కాదు కాబట్టి ఆ గుణకారంలో విశాఖ శాతాన్ని తీసేయండి. దాని చోట మీ చీర కట్టుకునే వయసు ఆడవాళ్ళ శాతం పెట్టండి. ఫ్యాషన్ పేజీల్లో ఇది తప్పకుండా చూడాలి. చీరల రీల్స్ చేసే పేజీ అయినా ఫాలోవర్లలో డెబ్బై శాతం మగవాళ్ళు ఉండటం అరుదేం కాదు. వాళ్ళు నిజమైన మనుషులే, రీల్ పూర్తిగా చూస్తారు, లైక్ కూడా కొడతారు, చీర మాత్రం కొనరు. తర్వాత మీ చీరకి మిగిలేది ఎంత?

(మహిళ: పన్నెండొందల చీరకి మూడొందల యాభై దాకా మిగులుతుందండి. కొన్ని వాపసు వస్తాయి.)

అయితే వాపసు వచ్చేవాటి కొరియర్ ఖర్చు రెండువైపులదీ తీసేసి, మిగిలేది మళ్ళీ లెక్క వేయండి. పదింటిలో రెండు వాపసు వస్తున్నాయనుకుంటే, ఆ మూడొందల యాభై మీ చేతికి ఎనిమిదింటికే వస్తుంది, అందులోంచి ఆ రెండిటి కొరియర్ పోవాలి. పోతే చీరకి రెండొందల యాభై చుట్టూ నిలుస్తుంది. ఇన్‌ఫ్లుయెన్సర్ అడిగిన మొత్తాన్ని ఆ రెండొందల యాభైతో భాగించండి. పదివేలు అడిగితే నలభై చీరలు. ఆ డిజైన్‌లో నలభై చీరలు మీ దగ్గర స్టాకు ఉన్నాయో లేదో చూసుకుని, అప్పుడు వాళ్ళకి ఫోన్ చేయండి.